పనివేళల మార్పు

పాఠ్యభాగ పరిచయం

ఇల్లు, బడి, అంగడి, కార్యాలయం - ఎక్కడైనా పదిమందికి ఒకేసారి చెప్పవలసిన సంగతిని కాగితం మీద రాసి, అందరూ చూసేచోట అంటిస్తారు. దీనినే ప్రకటన అంటారు. ప్రకటన ఉత్తరం వంటిది కాదు. ఉత్తరం చదివినవారు సందేహం వస్తే తిరిగి ఉత్తరం రాసి అడగవచ్చు. గోడమీది ప్రకటనను ఎవరూ ప్రశ్నించలేరు. అందుచేత చదివేవారికి రాగల సందేహాలను రాసేవారే ముందుగా ఊహించాలి. ఎండల తీవ్రత వల్ల ఒక కార్యాలయం పనివేళలు ఆరు రోజులపాటు మారిన సందర్భాన్ని ఈ పాఠంలో చదువుదాం.

పాఠం

బళ్ళారిలో ఒక రవాణా సంస్థ కార్యాలయం ఉంది. ముందువైపు సరుకు బుక్ చేసే కౌంటరు, దాని వెనుక గుమాస్తాల గది, ఆ వెనుక రేకుల కప్పు వేసిన గోదాము. బళ్ళారిలో కుట్టిన జీన్సు బట్టల మూటలు, యంత్రాల విడిభాగాలు, విత్తనాల సంచులు ఇక్కడి నుంచి హైదరాబాదుకు, హుబ్బళ్ళికి లారీలలో వెళుతుంటాయి. ఆరుగురు గుమాస్తాలు, పదిమంది హమాలీలు పనిచేస్తారు. గుమాస్తాల పనివేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు; మధ్యలో ఒక గంట భోజన విరామం. అంటే రోజుకు 7 గంటల పని. హమాలీలకు నెలజీతం లేదు. ఎత్తిన ప్రతి మూటకు 10 రూపాయల చొప్పున కూలి.

అది మే నెల 2వ తేదీ, శనివారం. రాబోయే వారమంతా జిల్లాలో వడగాడ్పులు వీస్తాయని వాతావరణ శాఖ నారింజ రంగు హెచ్చరిక చేసింది. ఈ శాఖ హెచ్చరికలకు నాలుగు రంగులున్నాయి. ఆకుపచ్చ అయితే భయం లేదని, పసుపు అయితే గమనిస్తూ ఉండాలని, నారింజ అయితే సిద్ధంగా ఉండాలని, ఎరుపు అయితే వెంటనే చర్య తీసుకోవాలని అర్థం. మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ కాలానికి మామూలుగా ఉండే వేడికంటే నాలుగున్నర డిగ్రీలు గానీ అంతకు మించి గానీ పెరిగితే దానిని వడగాడ్పుగా లెక్కిస్తారు. మామూలు ఎంతైనా సరే, 45 డిగ్రీలు దాటితే వడగాడ్పే.

మేనేజరు గారు హెచ్చరిక చూసిన వెంటనే పనివేళలు మార్చాలని నిశ్చయించారు. కలబురగి విభాగపు జిల్లాలలో ఏప్రిల్, మే నెలలలో ప్రభుత్వ కార్యాలయాలు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు పనిచేసేలా ఉత్తర్వులు ఇవ్వడం వాడుక. ఆయన దానినే మనసులో ఉంచుకొని, తమ 7 గంటల పని తగ్గకుండా లెక్క వేసుకొని, ఈ ప్రకటన రాశారు.

"సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఎండల తీవ్రతను దృష్టిలో ఉంచుకొని రేపటి నుంచి వారం రోజులపాటు కార్యాలయ పనివేళలు 8 నుంచి 3 వరకు ఉండును. అందరూ సహకరించవలెను."

అక్షర దోషం ఒక్కటీ లేదు. భాష మర్యాదగానే ఉంది. అయినా హెడ్ గుమాస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, బల్లమీద పెట్టాడు. ఆయన ఆ కార్యాలయంలో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దమనిషి.

"సార్, దీన్ని సోమవారం చదివినవాడికి 'రేపు' అంటే మంగళవారం అవుతుంది" అన్నాడాయన.

మేనేజరు గారు నవ్వి, పెన్ను తీసుకున్నారు. "ఇంకా ఏమున్నాయో చెప్పండి."

"వారం రోజులంటే ఏడా, ఆరా? ఆదివారం మనకు సెలవు కదా. 3 వరకు అన్నారు. ఎండ నుంచి తప్పించడానికే కదా ఈ మార్పు? 3 గంటలకు అందరినీ రోడ్డు మీదికి పంపితే ఎట్లా?"

ఈ చివరి మాట దగ్గర మేనేజరు గారు ఆగిపోయారు. నిజానికి ఆ ప్రకటనలోని పెద్ద లోపం అదే. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు గంటల ప్రాంతంలో. కాని గాలి అన్నిటికంటే ఎక్కువగా వేడెక్కేది అప్పుడు కాదు. ఎండకు కాగిన నేల ఆ తర్వాత కూడా గాలిని వేడిచేస్తూనే ఉంటుంది. అందువల్ల రోజులో గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య నమోదవుతుంది. 8 నుంచి 3 వరకు పని అంటే ఉద్యోగి చల్లని వేళ ఇంట్లో కూర్చొని, వేడి పెరిగేంతవరకు కార్యాలయంలో ఉండి, సరిగ్గా నిప్పులు చెరిగే వేళకు సైకిలెక్కి ఇంటికి బయలుదేరుతాడు. పనివేళలు లెక్కించేటప్పుడు కుర్చీలో కూర్చున్న సమయాన్నే కాదు, ఇంటి నుంచి వచ్చే దారినీ, తిరిగి వెళ్ళే దారినీ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మరొక చిక్కు కూడా ఉంది. 8 నుంచి 3 వరకు విరామం లేకుండా 7 గంటలు పని. 1961లో చేసిన కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, ఎడతెగకుండా 5 గంటలకు మించి పని చేయించరాదనీ, ఆ లోపల కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలనీ నిర్దేశించింది. విశ్రాంతితో కలిపి ఒక ఉద్యోగి పనిదినం మొదటి నుంచి చివరి వరకు 12 గంటలకు మించి సాగరాదని కూడా అందులో ఉంది. ఎండ కారణంగా వేళలు మార్చినంత మాత్రాన ఈ నియమాలు తప్పిపోవు.

మేనేజరు గారు కాగితాన్ని చింపి, చెత్తబుట్టలో వేశారు. "ముందు అందరినీ ఒకసారి పిలవండి. అడిగి రాద్దాం" అన్నారు.

సాయంత్రం గుమాస్తాలు, హమాలీలు గోదాము ముందున్న వేపచెట్టు కింద చేరారు. మేనేజరు గారు తన కొత్త ఆలోచన చెప్పారు. గుమాస్తాలు ఉదయం 7 నుంచి 12 వరకు, మళ్ళీ సాయంత్రం 5 నుంచి 7 వరకు పనిచేస్తారు. 5 గంటలూ 2 గంటలూ కలిసి 7 గంటలు. మొదటి నుంచి చివరికి సరిగ్గా 12 గంటలు. మధ్యాహ్నమంతా ఎవరి ఇళ్ళలో వారు నీడపట్టున ఉండవచ్చు.

క్యాషియరుగా పనిచేసే ఆమె లేచి నిలబడింది. "సార్, మా ఊరి నుంచి మొదటి బస్సు బళ్ళారి చేరేసరికి ఏడున్నర అవుతుంది. నగదు పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. నేను రాకుండా కౌంటరు తెరవలేరు. పన్నెండుకు ఇంటికి పోయి మళ్ళీ అయిదుకు రావాలంటే ఆ ఎండలో రెండుసార్లు బస్సుకు నిలబడాలి."

ఆమె మాట నిజమే. ఆరుగురిలో ఇద్దరు బయటి ఊళ్ళ నుంచి వస్తారు. ఊళ్ళో ఉన్నవారికి మేలు చేసే ఏర్పాటు వారిద్దరికీ కీడు చేస్తుంది. కొంతసేపు చర్చించాక వారికి వేరే వేళలు కుదిరాయి. ఉదయం 8 నుంచి 12 వరకు 4 గంటలు, మధ్యాహ్నం 3:30 నుంచి సాయంత్రం 6:30 వరకు 3 గంటలు. మొత్తం అదే 7 గంటలు. నడుమ వారు ఇంటికి వెళ్ళరు; ఫ్యాను, మంచినీళ్ళు ఉన్న గుమాస్తాల గదిలోనే విశ్రాంతి తీసుకుంటారు. సాయంత్రం 7 గంటల బస్సు అందుతుంది. కౌంటరును మాత్రం క్యాషియరు వచ్చాకే తెరవాలి గనుక ఉదయం 8 నుంచి 11:30 వరకు, సాయంత్రం 5 నుంచి 6 వరకు అని నిర్ణయించారు. నగదు లెక్క చూసుకోవడానికి రెండు పూటలా చివరి అరగంట విడిచిపెట్టారు. ఈ విధంగా సిబ్బంది పనివేళలు ఒకటి, కౌంటరు వేళలు మరొకటి అయ్యాయి. మొదటి ప్రకటనలో ఈ భేదమే లేదు.

తరువాత హమాలీల సంగతి వచ్చింది. గోదాము కప్పు రేకులది. ఎండకు కాగిన రేకు లోపలి గాలిని బయటికంటే వేడిగా చేస్తుంది. పైగా బరువు మోసేవాని ఒంట్లో కండరాలే వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి చెమట రూపంలో బయటికి పోవాలి. నీరు చాలక, చెమట ఆగిపోతే ఒంటి వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల హమాలీలు ఉదయం 6 నుంచి 11 వరకే పనిచేయాలని, 11 తర్వాత వచ్చిన లారీలను ఆవరణలో నిలిపి మరునాడు ఉదయం సరుకు దించాలని మేనేజరు గారు చెప్పారు.

ఈ మాట వింటే హమాలీలు సంతోషిస్తారని ఆయన అనుకున్నారు. కాని ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వారిలో పెద్దవాడు తలపాగా విప్పి, చేతిలో పట్టుకొని అన్నాడు.

"మీరు మా మంచికే చెప్తా ఉండారు సార్. కాదనం. కానీ పదకొండుకే గేటు మూస్తిరంటే మూటలు తగ్గుతాయి. మూటలు తగ్గితే కూలి తగ్గుతాది. గుమాస్తాలకు జీతం నెలకు వస్తాది. మాకు ఎత్తితేనే కూలి. ఎండ తగలకుండా ఇంట్లో పడుకోమంటే పొయ్యి ఎట్ల వెలుగుతాది?"

వెనుక ఉన్న పడుచువాడొకడు, "మేం మధ్యాహ్నం కూడా చేస్తాం సార్, మాకేం కాదు" అన్నాడు.

పెద్దవాడు వానివైపు తిరిగి, "ఏం కాదని నువ్వు చెప్తే ఎండ వింటాదా అబ్బీ?" అన్నాడు.

మేనేజరు గారు లోపలికి వెళ్ళి ఏప్రిల్ నెల కూలి పుస్తకం తెప్పించారు. ఒక్కొక్క హమాలీ రోజుకు సగటున 60 మూటలు ఎత్తాడు. అంటే రోజుకు 600 రూపాయలు, ఆరు రోజులకు 3,600. కొత్త వేళలలో రోజుకు 50 మూటలే ఎత్తగలిగితే ఆరు రోజులకు 3,000 వస్తుంది. మనిషికి 600 రూపాయల నష్టం. పదిమందికి కలిపి 6,000 రూపాయలు. ఈ లెక్క చేతిలో పట్టుకొని ఆయన యజమానికి ఫోను చేశారు.

"ఎంతవుతుందో తెలియకుండా అడిగితే కాదనేవాణ్ణి. ఆరు రోజులకు ఆరు వేలకు మించదంటున్నారు కదా. పుస్తకం ప్రకారం తేడా ఇచ్చేయండి. కాని ఆ మాట కాగితం మీద పెట్టండి. నోటిమాటైతే రేపు మీకూ వాళ్ళకూ తగవు వస్తుంది" అన్నారు యజమాని.

ఆ రాత్రి హెడ్ గుమాస్తా, మేనేజరు గారు కలిసి ప్రకటనను మళ్ళీ రాశారు. అది ఇది:

ప్రకటన

తేది: మే 2, శనివారం

విషయం: వడగాడ్పుల కారణంగా ఆరు రోజులు పనివేళల మార్పు

వడగాడ్పులు వీస్తాయని వాతావరణ శాఖ హెచ్చరించినందున మే 4 సోమవారం ఉదయం నుంచి మే 9 శనివారం సాయంత్రం వరకు మన కార్యాలయ పనివేళలు ఈ విధంగా ఉంటాయి.

1. ఊళ్ళో నివసించే గుమాస్తాలు: ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 12 వరకు, సాయంత్రం 5 నుంచి 7 వరకు.

2. బయటి ఊళ్ళ నుంచి వచ్చే గుమాస్తాలు: ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 వరకు, మధ్యాహ్నం 3:30 నుంచి సాయంత్రం 6:30 వరకు. విరామ సమయంలో గుమాస్తాల గదిలో ఉండవచ్చు.

3. హమాలీలు: ఉదయం 6 నుంచి 11 వరకు. 11 తర్వాత గోదాములో బరువు పని ఎవరూ చేయరాదు.

4. ఖాతాదారులకు కౌంటరు: ఉదయం 8 నుంచి 11:30 వరకు, సాయంత్రం 5 నుంచి 6 వరకు.

5. ఉదయం 11 తర్వాత వచ్చిన లారీలను ఆవరణలో నిలపవచ్చు. సరుకు మరునాడు ఉదయం 6 గంటలకు దించుతాము. శనివారం 11 తర్వాత వచ్చిన సరుకును సోమవారం దించుతాము.

6. ఈ మార్పు వల్ల గుమాస్తాల జీతంలో కోత ఉండదు. ఈ ఆరు రోజులలో ఏ హమాలీ కూలి అయినా ఏప్రిల్ నెల సగటు ప్రకారం ఆరు రోజులకు వచ్చే కూలికంటే తక్కువైతే, ఆ తేడాను శనివారం కూలితో కలిపి సంస్థ చెల్లిస్తుంది.

7. ఎవరికైనా తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, హెడ్ గుమాస్తాకు చెప్పాలి. ఆయన 108కి ఫోను చేస్తారు.

8. మే 11 సోమవారం నుంచి మామూలు పనివేళలు. పొడిగించవలసి వస్తే మే 9 ఉదయం కొత్త ప్రకటన చేస్తాము.

మేనేజరు

మొదటి ప్రకటన రెండు వాక్యాలు. ఇది ఎనిమిది అంశాలు. అయినా దీనిని చదవడానికి ఎక్కువ సమయం పట్టదు. ఎందుకంటే ఎవరూ దీనిని మొత్తం చదవనక్కరలేదు. హమాలీ తన అంశాలు చూసుకుంటాడు, ఖాతాదారు తన అంశం చూసుకుంటాడు. ఒక్కొక్క అంశం ఒక్కొక్కరి ప్రశ్నకు జవాబు. ప్రకటనను తెలుగులోనూ కన్నడంలోనూ రాయించారు. చదువురాని హమాలీలకు హెడ్ గుమాస్తా ఆదివారం వారి పేటకు వెళ్ళి చదివి వినిపించాడు.

ఇంత జాగ్రత్త పడ్డా ఒక పొరపాటు జరిగింది. మంగళవారం మధ్యాహ్నం 2 గంటలకు సిరుగుప్ప నుంచి ఒక చిన్న వ్యాపారి ఆటోలో సరుకు వేసుకొని వచ్చాడు. కౌంటరు మూసి ఉంది. ఆయన ఎండలో నిలబడి తలుపు తట్టాడు. లోపల విశ్రాంతి తీసుకుంటున్న క్యాషియరు తలుపు తీసి, ఆయనను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చింది.

"బయట బోర్డు మీద పది నుంచి ఆరు అని రాసుంది కదమ్మా! అది చూసే వచ్చాను. నిన్న కూడా ఇటు పోతూ చూశాను" అన్నాడాయన.

ప్రకటనను లోపల కౌంటరు పక్కన అంటించారు. వీధిలోని పాత బోర్డు మాత్రం పాత వేళలనే చెబుతూ ఉంది. రెండు చోట్ల రెండు మాటలుంటే మనిషి ముందు కనిపించినదాన్నే నమ్ముతాడు. ఆ సాయంత్రమే నాలుగవ అంశాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, పాత వేళలు కనబడకుండా బోర్డు మీద అంటించారు. తరచు సరుకు పంపే వ్యాపారులకు ఫోను చేసి చెప్పారు. ఆ తర్వాత వేళ తప్పి వచ్చినవారు లేరు. ప్రకటన సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే గుర్తు: దానిని చదివినవారు మళ్ళీ వచ్చి ఏమి అడుగుతున్నారు, ఎవరు పొరపడి వస్తున్నారు అని చూడాలి.

శనివారం మధ్యాహ్నానికి ముందు కూలి పుస్తకం లెక్క చూశారు. ఉదయపు చల్లదనంలో పని చురుకుగా సాగినందున సగటున రోజుకు 54 మూటలు ఎత్తారు. ఆరు రోజులకు 324 మూటలు, 3,240 రూపాయలు. తేడా 360 రూపాయలు. పదిమందికి కలిపి 3,600. మేనేజరు గారు వేసుకున్న అంచనాకంటే అది తక్కువే. ఆరవ అంశంలో రాసినట్టు ఆ డబ్బు శనివారం కూలితోనే చేతికి వచ్చింది. పెద్ద హమాలీ నోట్లు లెక్కపెట్టుకొని, గోడమీది ప్రకటన వైపు ఒకసారి చూశాడు. తనకు చదువు రాదు. కాని ఆరవ అంశం ఎక్కడుందో అతనికి తెలుసు.

ఆ ఉదయం వాతావరణ శాఖ హెచ్చరిక పసుపు రంగుకు దిగింది. పొడిగింపు అవసరం లేకపోయింది. సోమవారం ఉదయం హెడ్ గుమాస్తా అందరికంటే ముందు వచ్చి, గోడమీది ప్రకటనను, వీధి బోర్డు మీది కాగితాన్ని స్వయంగా ఊడదీశాడు. గడువు తీరిన ప్రకటన గోడమీదే ఉంటే, తరువాత వేసే ప్రకటనను ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు.

పదాలు - అర్థాలు

వడగాడ్పు = ఎండకాలంలో వీచే మిక్కిలి వేడి గాలి
గరిష్ఠం = అన్నిటికంటే ఎక్కువైనది
హమాలీ = బరువులు ఎత్తి దించే కార్మికుడు
ఎడతెగకుండా = మధ్యలో ఆగకుండా
ఖాతాదారు = సంస్థతో లావాదేవీలు జరిపే వ్యక్తి
ఆవరణ = కట్టడం చుట్టూ ఉన్న ఖాళీ స్థలం
గడువు = నిర్ణయించిన కాలపరిమితి

భాషాంశం

కాలాన్ని తెలిపే మాటలను ప్రకటనలలో జాగ్రత్తగా వాడాలి. "రేపు", "ఎల్లుండి", "వచ్చే వారం" అనేవి చదివే రోజునుబట్టి మారిపోతాయి. కాబట్టి తేదీ, వారం పేరు రెండూ రాయాలి. "9వ తేదీ వరకు" అంటే 9వ తేదీ కూడా చేరుతుందా అనే అనుమానం కొందరికి కలుగుతుంది. "9వ తేదీ సాయంత్రం వరకు" అంటే ఆ అనుమానం ఉండదు. "8 నుంచి" అని ఊరుకోక "ఉదయం 8 నుంచి" అనాలి. "చేయరాదు" నిషేధాన్ని, "ఉండవచ్చు" అనుమతిని, "చెప్పాలి" విధిని తెలుపుతాయి. పై ప్రకటనలో ఈ మూడు రూపాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి.

అభ్యాసము

I. ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.

1. మేనేజరు రాసిన మొదటి ప్రకటనలో హెడ్ గుమాస్తా చూపిన లోపాలేవి?
2. మధ్యాహ్నం 12 గంటలకంటే 3 గంటలకు గాలి వేడిగా ఉండడానికి కారణమేమి?
3. కౌంటరు వేళలు, గుమాస్తాల పనివేళలు ఒకటే కాకపోవడానికి కారణాలు తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. "మాకు ఎత్తితేనే కూలి" - ఈ మాట ఎవరు, ఏ సందర్భంలో అన్నారు? దాని ఫలితంగా ప్రకటనలో ఏ అంశం చేరింది?
2. ఊళ్ళో ఉండే గుమాస్తాకు, బయటి ఊరి నుంచి వచ్చే గుమాస్తాకు రోజుకు ఎన్ని గంటల పనో, ఎన్ని గంటల విశ్రాంతో లెక్కకట్టి చూపండి.

III. ఇలా చేయండి.

మీ ఊరిలో రెండు రోజులపాటు బస్సుల సమ్మె జరుగుతుందని అనుకోండి. బయటి ఊళ్ళ నుంచి వచ్చే విద్యార్థుల కోసం మీ పాఠశాల వేళలను మారుస్తూ ప్రధానోపాధ్యాయుల తరఫున ఒక ప్రకటన రాయండి. రాసిన తర్వాత దానిని మీ తరగతిలో దూరపు ఊరి నుంచి వచ్చే ఒకరికి ఇచ్చి చదవమనండి. వారు అడిగిన ప్రశ్నలను కింద రాసుకొని, వాటికి జవాబులు చేర్చి ప్రకటనను తిరిగి రాయండి.